మొండికేసిన లాగ్‌రొటేట్

భవానీపురంలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీకి మెయిల్ సర్వర్ చూసేది హెప్సిబా. ఆ ఉదయం ఎవరికీ మెయిల్ రాలేదు. సర్వర్‌లో జరిగినవన్నీ చూపే జర్నల్‌సీటీఎల్ తెరిచింది ఆమె. డిస్క్‌లో చోటు లేదని, మెయిల్స్ అందించే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ మొత్తుకుంటోంది. వచ్చిపోయే ప్రతి మెయిల్‌కీ ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్ రాసే చిట్టా, మెయిల్ లాగ్ ఒక్కటే ముప్పై జీబీ మింగేసింది. వారం వారం ఆ లాగ్‌ను పక్కనపెట్టి కొత్తది తెరిచి, పాతవి చెరపాల్సిన ప్రోగ్రామ్ లాగ్‌రొటేట్ మాత్రం, ఫోల్డర్‌లో ఎవరైనా రాయగలరు, భద్రత లేదు, కనుక ముట్టనని ఫిబ్రవరి నుంచీ రోజూ చెబుతూనే ఉంది.

ఫిబ్రవరిలోనే మేనేజర్ కాశీరావు, "ఎవరు ఎవరికి మెయిల్స్ పంపుతున్నారో నేనే చూసుకోవాలమ్మా. ఆ లాగ్ ఫోల్డర్ అందరికీ తెరిచిపెట్టు" అన్నాడు.

"అది మంచిది కాదండీ."

"చెప్పింది చెయ్యమ్మా!"

చేసింది.

ఇప్పుడు పర్మిషన్లు సరిచేసి, లాగ్‌రొటేట్‌తో కొత్త లాగ్ తెరిపించి, పాత ఫైలు తీసేసింది. మెయిల్స్ కదిలాయి. కొత్త లాగ్‌లో మొదటి డెలివరీ ఆమె పేరుకే. హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి పొద్దున్నే బయల్దేరి, చోటు లేక బయటే కాచుకున్న మెయిల్ అది. కాశీరావు గారు ఫోన్లో చేసిన ఫిర్యాదు మీద, సర్వర్ విషయంలో నిర్లక్ష్యానికి మెమో.

కుదరదని మొండికేసిన లాగ్‌రొటేట్‌ను ఎవరూ ఏమీ అనలేదు. మాట విన్నందుకు ఆమెకే శిక్ష.