గేటు ముందు ఖాళీ జాగా

ఆ సందులో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపి, చూపు మందగించాక పెళ్లి హాల్లో పార్కింగ్ పనికి కుదిరాడు కాబట్టి అందరికీ బస్సు మామయ్యే.

సందు వెడల్పు పన్నెండు అడుగులు. ఒక కారు ఆగితే పక్కనుంచి ఇంకోటి దూరడం గగనం. హాలు కట్టినవాళ్లు నాలుగు వందల మందికి కుర్చీలు లెక్కేసుకున్నారు గానీ, ఆ నాలుగు వందల మంది ఎక్కివచ్చే బళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ పాపమంతా మామయ్య నెత్తిన పడింది.

పోయిన నెల సందు చివరింటి పెద్దాయనకు ఊపిరాడకపోతే అంబులెన్సు వచ్చి, పెళ్లివారి కార్ల వెనక పదకొండు నిమిషాలు నిలబడిపోయింది. ఆయన ఎలాగో బతికాడు. ఇంకోసారి సందు మూసుకుపోతే హాలుకి తాళం వేస్తానని ట్రాఫిక్ ఎస్సై చెప్పి వెళ్లాడు. తాళం మాట మామయ్యకు పట్టలేదు. ఆ పదకొండు నిమిషాలే గొంతులో ముల్లులా మిగిలాయి. ఎందుకంటే ఆరోజు గేటు ముందు కారు పెట్టించింది ఆయనే, హాలు ఓనరు చెప్పాడని.

ఈసారి పెళ్లికి బళ్ల దారి ఆయనే కాగితం మీద గీసుకున్నాడు. పెద్దరోడ్డు వైపు నుంచి లోపలికి, వెనకరోడ్డులోకి బయటికి, ఒకటే దారి. దిగేవాళ్ల తలుపు హాలు వైపు పడేలా ఆ దిక్కు ఎంచాడు. గేటు ముందు మూడు కార్ల జాగా, మనుషులు దిగడానికి మాత్రమే. తర్వాత బండి తిన్నగా వెనకరోడ్డులోని స్కూలు మైదానానికి పోవాలి. అక్కణ్నుంచి మనుషుల్ని తేవడానికి రెండు ఆటోలు. బోర్డులు మలుపు దగ్గర కాదు, మలుపుకి యాభై అడుగుల ముందే. “తిరిగాక చదివితే ఏం లాభం? స్టీరింగు తిప్పేముందే కంటబడాలి,” అన్నాడు.

సాయానికి పెళ్లికూతురి తరపు ఆరుగురు కుర్రాళ్లు వచ్చారు, రంగు చొక్కాలు, సెంటు వాసనలు.

పొద్దున తొమ్మిదిన్నరకి సందు బిగుసుకుపోయింది. మామయ్య పరుగున వచ్చి చూస్తే గేటు దగ్గర ఒక్కడూ లేడు. దిగిన ప్రతి ముసలమ్మనీ చెయ్యి పట్టుకుని స్టేజీ దాకా తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ వస్తున్నారు!

“ఏంట్రా ఇది?”

“అమ్మమ్మని గుమ్మంలో వదిలేస్తే బాగుంటుందా మామయ్యా? తర్వాత మా అమ్మ నన్ను బతకనిస్తుందా?”

“మీ అమ్మమ్మ మర్యాద బానే ఉంది. వెనక ఏడు కార్లలో ఏడుగురు అమ్మమ్మలు ఉడికిపోతున్నారు, వాళ్ల సంగతేంటి? ఇద్దరు ఇక్కడ తలుపు తియ్యండి. ఇద్దరు వాలుదారి దగ్గర చక్రాల కుర్చీతో నిలబడండి. తలుపు తీసినవాళ్లు అమ్మమ్మ చెయ్యి వాళ్ల చేతిలో పెట్టి వెనక్కి రండి. మిగతా ఇద్దరూ బోర్డుల దగ్గరికి. గేటు మాత్రం వదలద్దు.”

పది నిమిషాల్లో సందు కదిలింది. అప్పుడొచ్చింది పెళ్లికూతురి పెదనాన్న నల్లకారు. ఆయన దిగి, డ్రైవరుతో “ఇక్కడే ఉంచు” అన్నాడు.

“ఇక్కడ ఆపకూడదండి. మైదానంలో జాగా ఉంది.”

“నేనెవరో తెలుసా?”

“పెళ్లికూతురి పెదనాన్నగారు. కారు మాత్రం అందరి కార్లలాంటిదే కదండీ.”

కుర్రాళ్లు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. గొడవ విని ఓనరు చెమటలు కక్కుతూ వచ్చాడు. “ఏమయ్యా, ఒక్క కారేగా! వదిలెయ్.”

“పోయినసారీ ఒక్క కారే అన్నారు సార్.” మామయ్య వెళ్లి కారు పక్కనే నిలబడ్డాడు. “అంబులెన్సు వాడు హారన్ కొడుతుంటే నేను ఇక్కడే నిలబడి విన్నాను. మీరు ఏసీలో ఉన్నారు.”

“నోరు లేస్తోందే! రేపట్నుంచి రానక్కర్లేదు.”

“సరే సార్, రేపు రాను. ఇవాళ కదలను.”

పెదనాన్న పళ్లు నూరాడు. వెనక కార్ల హారన్లు మొదలయ్యాయి. అంతసేపూ స్టీరింగు పట్టుకుని అన్నీ వింటున్న డ్రైవరు మామయ్య వైపు ఒకసారి చూశాడు. తల కిటికీలోంచి బయటపెట్టి, “సార్, నేను మైదానంలో ఉంటా. ఫోన్ చెయ్యండి,” అని యజమాని జవాబు కోసం ఆగకుండా గేరు వేశాడు. కారు సాఫీగా వెనకరోడ్డు వైపు సాగిపోయింది.

పెదనాన్న విసురుగా లోపలికి నడిచాడు. ఓనరు ఆయన వెనకే పరిగెత్తాడు.

ఉద్యోగం పోయిన మనిషి వెనక్కి తిరిగి, తర్వాతి కారుకి చెయ్యి ఊపాడు. “రానీ, రానీ... ఇంకొంచెం ముందుకి. నాన్నమ్మా, కుడికాలు ముందు పెట్టండి.”