మూతబడ్డ పెళ్లి సైటులో నా ఫోటో

పెళ్లయిన అయిదో నెలలో ఒక ఆదివారం, అన్నం ముందు కూర్చుని మా ఆయన అడిగాడు. "పెళ్లి సైట్ల నీ ఫోటో ఇంకా ఉందంట గదా? సంబంధాలు సూస్తున్నమని రాసుందట. మొన్న రెన్యూవల్ గూడ అయ్యిందట."

"ఎవరు చెప్పిన్రు?"

"దోస్తు ఒగడు."

మా సంబంధం సైటులో కుదరలేదు, మా మేనత్త కుదిర్చింది. అంతకు ముందు ఏడాది మా నాయిన మిర్యాలగూడలో ఒక పెళ్లి సంబంధాల కంపెనీలో నా పేరు రాయించిన మాట నిజమే. పెళ్లయ్యాక దాని సంగతి ఇంట్లో అందరం మర్చిపోయాం.

"ఆ ఫోటో తీయించేదాక మీ నాయిన దగ్గరనే ఉండు" అన్నాడు. మా అత్త పక్కనే ఉండి ఆయన కంచంలో ఇంకాస్త కూర వేసింది. సూర్యాపేటలో బస్సెక్కి పుట్టింటికి, చిలుకూరు వచ్చేశాను. తప్పు చేసిన దానిలా తల వంచుకుని వచ్చానే, అందుకే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

తీయించడమెంత, లాగిన్ అయ్యి ఒక బటన్ నొక్కితే సరిపోతుందనుకున్నాను. పాస్‌వర్డ్ లేదు. కొత్తది అడిగితే మెయిల్‌కు పంపామంది సైటు. ఎవరి మెయిల్?

"ఆడపిల్ల మెయిల్, ఫోన్ నంబరు పదిమందికి ఎందుకని నేనే ఇయ్యలే బిడ్డ" అన్నాడు నాయిన. "కంపెనీయోళ్లు వాళ్ల ఆఫీసు మెయిలే ఏస్తమన్నరు. మంచిదే గదా అనుకున్న."

నా పరువు కాపాడాలని చేసిన పనే అది. నా పేరుకు తాళం వేసి చెవి వాళ్ల చేతిలో పెట్టాడు పాపం.

ఆ ఆఫీసుకు మెయిల్ రాస్తే నిమిషంలో తిరిగొచ్చింది, అలాంటి చిరునామాయే లేదని. నాలుగు సార్లు రాశాను, నాలుగూ తిరిగొచ్చాయి. ఫోన్ నంబరు వాడకంలో లేదు. నాయినా నేనూ మిర్యాలగూడ వెళ్తే షట్టరు మీద కిరాయికి ఇవ్వబడునన్న కాగితం ఉంది. పక్క టైలరు, "గాళ్లు బంద్ పెట్టి పోయి ఆర్నెల్లయితాంది, ఎంతోమంది వచ్చి అడిగిపోతున్నరు" అన్నాడు. రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పంపాను. అదీ తిరిగొచ్చింది, 'వెళ్లిపోయారు' అన్న రాతతో.

మనుషులు లేరు, సైటు మాత్రం ఉంది. నేను నవ్వుతూనే ఉన్నాను అందులో.

మరి రెన్యూవల్ ఎవరు చేస్తున్నారు? నాయిన పాస్‌బుక్కు తీసి చూస్తే తెలిసింది. చేరేటప్పుడు ఒక చెక్కుతో పాటు ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మూడు నెలలకోసారి కోదాడ బ్యాంకు ఖాతాలోంచి చందా దానంతటదే పోతోంది.

బ్యాంకులో క్లర్కు, "కంపెనీ నుంచి లెటర్ తెండి, ఆపేస్తాం" అన్నాడు.

"కంపెనీయే లేదు సార్."

"అయితే మేమేం చేస్తామమ్మా?"

ఒళ్లు మండిపోయింది. లేని వాళ్ల చేత ఎక్కడ రాయించుకు రావాలి? గొంతు పెంచాను. లోపలి గదిలోంచి ఆఫీసరమ్మ బయటికొచ్చింది. తిరిగొచ్చిన మెయిళ్ల కాగితాలు, పోస్టు కవరు అన్నీ చూసింది.

"వసూలు పని ఇంకో ఏజెన్సీ చేస్తూ ఉంటుందమ్మా. కంపెనీ మూసినా వాళ్లు మాకు వసూలు జాబితా పంపుతూనే ఉంటారు. డబ్బు తీసుకోమని పర్మిషన్ ఇచ్చింది మీ నాన్నగారు. దాన్ని ఆయనే రద్దు చేసుకోవచ్చు, కంపెనీ లెటర్‌తో పని లేదు. దరఖాస్తు మీద ఆయన సంతకం చాలు."

నాయిన అక్కడే రాసిచ్చాడు. నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకున్నాను. ఆ చందా గడువు తీరేదాకా రెండు నెలలకు పైగా చిలుకూరులోనే ఉన్నాను. "అల్లుడు రాడా?" అని అడగని మనిషి లేదు ఊళ్లో.

ఒక పొద్దున వచ్చాడు ఆయన, కారేసుకుని. ముఖం వెలిగిపోతోంది.

"ఫోటో పోయింది! మెంబర్‌షిప్ అయిపోయిందని వస్తాంది. ఇగ పోదాం పా."

"దోస్తు చెప్పిండా?"

"లే, పొద్దున నేనే లాగినయ్యి సూసిన."

నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ సైటులో చందా కట్టిన వాళ్లకే ఆడపిల్లల ఫోటోలు కనబడతాయి. ఆ సంగతి నాయినకూ తెలుసు, నాకూ తెలుసు.

"లాగినయినవా? నీ పేరు గూడ ఉందా అండ్ల?" ఎప్పుడూ ఆయన్ని అనే 'మీరు' ఆ పూట నా నోట రాలేదు.

"ఎప్పటిదో అది. పెళ్లికి ముందుది."

"మరి తీయించుకోలే?"

"కంపెనీయే లేదు గదా" అన్నాడు. "ఎట్ల తీయించుకుంటం?"

మెయిల్ ఆయనదే, పాస్‌వర్డ్ ఆయనదే. నొక్కాల్సింది ఒక్క బటన్.

"ఇగ పోనియ్ బిడ్డ, పోయి రాండ్రి" అన్నాడు నాయిన, ఎటో చూస్తూ. తిరిగొచ్చిన కవరు, ముద్ర ఉన్న నకలు సంచిలో పెట్టుకుని కారెక్కాను. సూర్యాపేట చేరేదాకా దారంతా నేనే మాట్లాడాను.