బ్యాంకు జవాబు కోసం కొండెక్కిన మారెమ్మ

బెళుగుప్ప దారిలో పెట్రోలు బంకు. దాంట్లో పనికి చేరి నెల కాకముందే మారెమ్మకు మేళగాళ్లతో చిక్కొచ్చి పడింది.

కణేకల్‌లో పెళ్లికి పోతాన్న డోలు, సన్నాయి వాళ్ల టెంపో వచ్చి ఆగింది. రెండువేల రూపాయల డీజిలు పోసినాక మేళం పెద్ద వెంకటప్ప కార్డు తీసి మిషనుకు తాకించినాడు. మిషను ఒకసారి కూసి, తెర మీద ఏదో తిరిగి తిరిగి, చివరికి "జవాబు రాలేదు" అని చీటీ కక్కింది. అంతలోనే వెంకటప్ప బటన్ల ఫోనుకు ఖాతాలోంచి రెండువేల దుడ్లు కోసినట్టు మెసేజొచ్చింది.

"ఇంగేమక్కా, పడిపోయె గదా. ముహూర్తం దాటిపోతాది," అన్నాడాయన.

"పడలేదన్నా. అడిగేదానికి పోయిన మాట బ్యాంకుకు చేరింది, వాళ్ల జవాబు ఈ మిషనుకు రాలేదు. జవాబు రాకుంటే, 'ఆ బేరం రద్దు' అని ఇదే తనంతట తాను ఇంకో మాట పంపుతాది. అది పోయినాక నీ దుడ్లు నీకే వస్తాయి. డీజిలు మాత్రం నీ బండిలోనే ఉంటాది. ఆ రెండువేలు నా జీతంలో కోస్తారు."

"సరే, మళ్లా తాకించు."

"రద్దు మాట పోయేదాకా ఇది ఇంకో కార్డు ముట్టదు. నీ ఫోనుకున్నా, ఈ మిషనుకు ఈడ సిగ్నలు చచ్చింది."

వెంకటప్ప ఖాతాలో మిగిలింది మున్నూరే. తక్కినోళ్లందరి జేబులూ ఖాళీ. సన్నాయి జయచంద్ర నవ్వినాడు: "అయితే సిగ్నలు దొరికే కాడికి అక్కను ఎత్తుకోని పోదాం."

మారెమ్మ ఒక నిమిషం ఆలోచించి, పక్క పంపు ఓబులేష్‌కు "చూసుకోప్పా" అని చెప్పి, మిషను చంకన పెట్టుకోని నిజంగానే టెంపో ఎక్కింది. డోళ్ల మధ్య ఇరుక్కోని, మిషనును కిటికీ బయటికి పట్టుకుంది.

"ఏమక్కా, మిషనుకు గాలి తాగిస్తాండావా?" అన్నాడు పక్కన డోలాయన.

"నీ డోలు కాలు మీదినుంచి తియ్యి ముందు."

గాలిమరల కొండ ఎక్కేసరికి మిషను మీద ఒక గీత, రెండు గీతలు. తెర మీద "రద్దు పంపబడింది" అని పడింది. కాసేపటికి వెంకటప్ప ఫోను కూడా మోగింది. "వచ్చినాయి, రెండువేలూ వెనక్కొచ్చినాయి," అని ఆయన చదువుతాంటే బండంతా ఈల వేసింది.

"ఈసారి కూత పడేదాకా కార్డు తియ్యొద్దన్నా. తొందరపడి లాగితే ఇది చదవనే చదవదు."

కార్డు పెట్టినాడు. కూత పడింది, చీటీ వచ్చింది: ఆమోదం.

జయచంద్ర సన్నాయి ఎత్తినాడు, డోళ్లు అందుకున్నాయి. దిగిన మారెమ్మ చీటీ కొంగున ముడేసుకోని, మిషను నెత్తిన పెట్టుకోని, రోడ్డు మీదే నాలుగు అడుగులు చిందేసింది. బంకు దిక్కుకు పోయే బస్సు ఎదురొచ్చి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎవరిదమ్మా పెళ్లి?" అన్నాడు.

"రెండువేల డీజిలుది," అంటా ఆమె బస్సెక్కింది.