ఆమె పేరుతో పదకొండుసార్లు

కళ్ళజోళ్ళ దుకాణం మీది అంతస్తులో ఉన్న ఆ చిన్న కంపెనీలో అందరూ ఆమెను హలోగారు అనే పిలుస్తారు. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళు ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. డాక్టర్ల చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక ఆ బల్లా, ఆ తీగలూ ఎత్తేశారు. ఆ తర్వాత ఇక్కడ చేరింది. ఈ కంపెనీ తయారుచేసిన వెబ్‌సైటు ద్వారా బయటి ల్యాబుల నుంచి ఆసుపత్రులకు రిపోర్టులు వెళ్తాయి. వాడేవాళ్ళకు ఏ ఇబ్బంది వచ్చినా ఫోను ముందు ఆమె దగ్గరే మోగుతుంది. కంప్యూటరు చదువు ఆమెకు అంతంతమాత్రం. కానీ అవతలి మనిషి ఎంత విసిగిపోయి ఉన్నా, రెండు నిమిషాల్లో దారికి తెచ్చుకోగలదు.

ఆ మంగళవారం పొద్దున పదిన్నరకు వచ్చిన ఫోనులో అవతలి మనిషికి విసుగు లేదు. గొంతు మరీ నెమ్మదిగా ఉంది. హలోగారికి అదే నచ్చలేదు.

"అమ్మా, నేను ఆసుపత్రి రికార్డుల గది నుంచి మాట్లాడుతున్నాను. ఒక మాట అడగాలి. నా పేరుతో లోపలికి ఎవరు వెళ్తున్నారో చెప్పగలరా?"

రికార్డులావిడ గొంతు హలోగారికి కొత్త కాదు. రెండు వారాల కిందట కూడా చేసింది. ఈ వెబ్‌సైటుకు పాస్‌వర్డ్ ఉండదు. రిపోర్టు రాగానే సంబంధిత మనిషికి ఒక మెయిలు వెళ్తుంది. అందులోని లింకు నొక్కితే చాలు, నేరుగా లోపలికి వెళ్ళి రిపోర్టు చూడొచ్చు. ఒక లింకు ఒక్కసారే పనిచేస్తుంది. ఆమె నొక్కినప్పుడల్లా "ఈ లింకు ఇంతకుముందే వాడారు" అని వస్తోందని అప్పుడు చెప్పింది. రెండుసార్లు నొక్కి ఉంటారులెమ్మని, కొత్తది తెప్పించుకొమ్మని హలోగారే సలహా ఇచ్చింది. కొత్తదీ అంతే అయింది. ఆ రిపోర్టులను ల్యాబుకే ఫోను చేసి నేరుగా తెప్పించుకుంది. ఇంతలో ఆమె సెలవు మీద వెళ్ళిపోవడంతో ఆ సంగతి అక్కడే ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"మా అమ్మ పోయింది. పన్నెండు రోజులు ఊళ్ళో లేను. నిన్న వచ్చి చేరితే మేనేజరుగారు చేతిలో మెమో పెట్టారు. ఆ పన్నెండు రోజుల్లో పదకొండుసార్లు నా పేరుతో లోపలికి వెళ్ళి రిపోర్టులు చూశారట. మెయిలు పాస్‌వర్డ్ ఎవరికిచ్చావని అడుగుతున్నారు." మెమో కాగితం విప్పిన చప్పుడైంది. "మూడోది ఎప్పుడో తెలుసా? గురువారం పొద్దున తొమ్మిదీ పద్నాలుగుకి. అప్పుడు నేను అమ్మకి నీళ్ళు పోస్తున్నాను. ఆఖరిసారి."

"ఫోను పెట్టకండి, నేను చూస్తాను," అంది హలోగారు.

పక్క బల్ల దగ్గర ఇంజనీరు కూర్చుని ఉంది. ఆ వెబ్‌సైటులో సగం ఆమె రాసిందే. ఆమె తెర మీద జాబితా తీసింది. పదకొండు వరసలు. ప్రతి వరసలో రికార్డులావిడ పేరు, మెయిలు పంపిన సమయం, లింకు తెరిచిన సమయం. ఆ తర్వాత రిపోర్టు పక్కన "చూశారు" అన్న గుర్తు.

"మామూలు బ్రౌజరు నుంచే తెరిచినట్టుంది," అంది ఇంజనీరు. "కానీ ఆసుపత్రి నుంచి కాదు. ఈ అడ్రసు ఎక్కడో దూరంగా ఉన్న పెద్ద కంప్యూటర్ల కేంద్రానిది. అక్కా, ఇది దొంగపనే. ఎవరో ఆవిడ మెయిల్లో దూరారు."

హలోగారు ఆ అంకెల మీదికి వంగింది. పంపింది తొమ్మిదీ పద్నాలుగు, ఆరో సెకను. తెరిచింది ఎనిమిదో సెకను. కింది వరస: రెండు సెకన్లు. దాని కింద మూడు. మళ్ళీ రెండు. ఆదివారం వచ్చినదానికీ రెండే.

ఇరవై రెండేళ్ళు ఆమె గంటలు మోగించింది. ఎవరు ఎన్నో గంటకు ఫోనెత్తుతారో ఆమెకు కంఠతా వచ్చు. పెద్ద సర్జనుగారు ఒకరోజు మొదటి గంటకే ఎత్తేవాడు, ఇంకోరోజు తొమ్మిది మోగినా ఎత్తేవాడు కాదు. మనిషన్నాక చేతిలో గ్లాసుంటుంది, నోట్లో మాటుంటుంది, కుర్చీ దూరంగా ఉంటుంది. ఎప్పుడు మోగినా అదే లెక్కన ఎత్తిన మనిషిని ఆమె ఒక్కణ్ణీ ఎరగదు.

ఆమె ఆ సెకన్ల అంకెల మీదుగా కిందిదాకా వేలు జరిపింది.

"దొంగ కూడా ఒక్కసారైనా టీ తాగడానికి వెళ్తాడు కదమ్మా," అంది మెల్లగా. "వీడు ఎక్కడికీ వెళ్ళట్లేదు."

మధ్యాహ్నానికి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. రికార్డుల గది భూమి కింది అంతస్తులో ఉంది. కిటికీల్లేవు. పైకప్పు వరకు ఇనుప అరలు, వాటి నిండా నడుముకు తాడు కట్టిన ఫైళ్ళు. పట్టపగలే ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. చివరిది మాత్రం కొట్టుకుంటోంది. రికార్డులావిడ సన్నటి మనిషి. కుర్చీని కంప్యూటరుకు బారెడు దూరంలోకి లాక్కుని కూర్చుంది.

"దాని దగ్గర కూర్చోబుద్ధి కావట్లేదండీ," అంది సంజాయిషీగా. "నేను లేనప్పుడు నా కుర్చీలో ఎవరో కూర్చుని వెళ్ళినట్టుంది."

ఆసుపత్రి కంప్యూటర్ల బాధ్యత చూసే నెట్‌వర్కాయన కూడా వచ్చాడు. ఇంజనీరు అతనితో ఒక కొత్త మెయిలు అడ్రసు చేయించింది. పేరుగా అర్థంలేని అక్షరాలు పెట్టించింది. దానికి మనిషి లేడు, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, ఏ కంప్యూటరులోనూ తెరవలేదు. తర్వాత తన ల్యాప్‌టాప్ నుంచి దానికి ఒక పరీక్ష లింకు పంపడానికి సిద్ధపడింది.

"అందరూ చేతులు కట్టుకోండి," అంది హలోగారు. ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు తప్ప మిగతా ముగ్గురూ నిజంగానే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఇంజనీరు పంపింది. గదిలో ట్యూబులైటు గొణుగుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఒకటి. రెండు.

ల్యాప్‌టాప్ తెర మీద కొత్త వరస పడింది. లింకు తెరిచారు. లోపలికి వచ్చారు. పరీక్ష రిపోర్టు చూశారు.

రికార్డులావిడ ఒక అడుగు వెనక్కి వేసింది. వీపు ఇనుప అరకు తగిలి ఫైళ్ళు కదిలాయి. "ఎవరది?" అంది, గదినే అడుగుతున్నట్టు.

"మెయిలు ఆ పెట్టెలోకి ఇంకా రానేలేదు," అన్నాడు నెట్‌వర్కాయన తన ఫోనులో మెయిళ్ళ రాకపోకల లెక్క చూస్తూ. "ఇంకా దారిలోనే..." అని ఆగిపోయాడు. తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో. మా జల్లెడ."

అతను చెప్పింది ఇదీ. దొంగ మెయిళ్ళ బెడద ఎక్కువైందని మూడు వారాల కిందట ఆసుపత్రికి జల్లెడలాంటి కొత్త భద్రతా ఏర్పాటు పెట్టించారు. బయటి నుంచి వచ్చే ప్రతి మెయిలూ ముందు దాని దగ్గరకు వెళ్తుంది. అందులో లింకు ఉంటే, అవతల మోసం ఏమైనా ఉందేమోనని అది తానే వెళ్ళి తెరిచి చూస్తుంది. మోసగాళ్ళు గుర్తుపట్టకుండా మామూలు బ్రౌజరులా వేషం వేసుకుని వెళ్తుంది. ఏమీ లేదనుకున్నాకే మెయిలును లోపలికి వదులుతుంది.

"మంచిదే," అంది ఇంజనీరు. "కానీ మా లింకు ఒక్కసారే పనిచేస్తుంది. ఆ ఒక్కసారీ మీ జల్లెడే వాడేస్తోంది. పైగా తెరిచిన వాళ్ళే ఆ మనిషి అని మా వెబ్‌సైటు నమ్మేస్తుంది. తప్పు మీ జల్లెడది కాదు. ఊరికే తెరిచినంతమాత్రాన 'చూశారు' అని రాసుకునేలా చేసింది నేనే."

హలోగారు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. "అయితే ఆ పదకొండు రిపోర్టులు ఎవరు చూసినట్టు?"

రికార్డులావిడకే ముందు అర్థమైంది. సెలవులో ఆమె బదులు కూర్చున్న మనిషి ఈ గది గోడ మీదున్న రిపోర్టుల తెరను చూసి పనిచేసింది. చూడని రిపోర్టులే ఆ తెర మీద కనిపిస్తాయి. పన్నెండు రోజులూ తెర ఖాళీగా ఉంది. బయటి ల్యాబు నుంచి ఏమీ రాలేదనుకుని ఆమె ఒక్కటీ డాక్టరుకు పంపలేదు. ఎక్కడో కిటికీలు లేని యంత్రాల గదిలోంచి ఏదో వచ్చి, పదకొండు మంది శరీరాల సంగతి చదవకుండానే చూసి, వెళ్ళిపోయింది.

అప్పటిదాకా దూరంగా ఉన్న రికార్డులావిడ కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. ఇంజనీరు తన వైపు నుంచి పదకొండూ తెరిచి ఇచ్చింది. ఆవిడ ఒక్కొక్కటే అచ్చు తీసి చదివింది. తొమ్మిది మామూలువి. ఒకటి మళ్ళీ పరీక్ష చేయమంది. మిగిలినది ఒక బస్సు కండక్టరుది. మెడలోంచి తీసిన చిన్న ముక్క. వెంటనే పిలిపించమని ల్యాబు డాక్టరు కింద గీత గీసి మరీ రాశాడు. అది వచ్చి ఎనిమిది రోజులైంది.

కండక్టరమ్మకు రికార్డులావిడే ఫోను చేసింది. ఆమె మూడో గంటకు ఎత్తింది.

"మీ రిపోర్టు వచ్చిందమ్మా, రేపు పొద్దున ఒకసారి రండి. ఆలస్యం మాదే. మీతో ఎవరినైనా తోడు తెచ్చుకోండి."

అవతల ఏమన్నారో హలోగారికి వినపడలేదు. రికార్డులావిడ "ఊఁ" అంటూ చాలాసేపు వింది. పెట్టేశాక కళ్ళు తుడుచుకోకుండానే కాగితాలు పట్టుకుని డాక్టరు గదికి పరుగుపెట్టింది. ఎనిమిది రోజులకు చెయ్యిదాటిపోలేదని, ఇంకో నెల అయితే మాత్రం చెప్పలేనని డాక్టరన్నాడు. ఆ వారంలోనే కండక్టరుకు ఆపరేషన్ అయింది.

ఇంజనీరు రెండు రోజులు ఇంటి మొహం చూడకుండా వెబ్‌సైటును మార్చింది. ఇప్పుడు లింకు తెరిస్తే ముందు ఒక ఖాళీ పేజీ వస్తుంది. దాని మీద "లోపలికి వెళ్ళండి" అనే బొత్తం ఒక్కటే ఉంటుంది. మనిషి దాన్ని నొక్కితేనే లింకు ఖర్చవుతుంది, అప్పుడే రిపోర్టు కనిపిస్తుంది. జల్లెడ వచ్చి ఎన్నిసార్లు తెరిచినా ఆ ఖాళీ పేజీని చూసి వెళ్ళిపోతుంది. ఎవరో తెరిచారని జాబితాలో వేరే వరసగా పడుతుంది కానీ, అది లోపలికి వచ్చినట్టు కాదు. మిగతా ఆసుపత్రుల లెక్కలు కూడా తిరగేశారు. ఇంకో రెండు చోట్ల ఇదే జరుగుతోందని తేలితే, హలోగారే కూర్చుని ఒక్కొక్క గదికీ ఫోను చేసి రిపోర్టులన్నీ మళ్ళీ చదివించింది.

కొత్త జాబితాను చూడటం ఆమెకు అలవాటైపోయింది. మెయిలు వెళ్తుంది. రెండో సెకనుకు అది వస్తుంది, చూస్తుంది, పోతుంది. ఏడు నిమిషాలకో గంటకో మనిషి వచ్చి బొత్తం నొక్కుతుంది. ఆ రెండో వరస పడేదాకా హలోగారికి ఊపిరాడదు. ఒక్కోసారి భోజనం కూడా మానేసి చూస్తూ కూర్చుంటుంది. అది తలుపు దగ్గర నిలబడి, ఖాళీ గదిలోకి తొంగిచూసి, తృప్తిపడి వెళ్ళిపోవడం ఆమెకు కళ్ళకు కట్టినట్టుంటుంది. మంచికే కాపలా కాస్తోందని తెలుసు. అయినా వీపు జలదరిస్తుంది.

నెల తిరిగాక రికార్డులావిడ మళ్ళీ ఫోను చేసింది.

"మెమో వెనక్కి తీసుకున్నారండీ. నా ఫైల్లో కాగితం కూడా పెట్టారు. ఆ పదకొండుసార్లూ తెరిచింది నేను కాదని."

"బతికించారు. సంతకం చేశారా?"

"మేనేజరుగారు స్వయంగా చేశారు. అమ్మకి నీళ్ళు పోసే వేళ నేనెక్కడున్నానో ఇప్పుడు కాగితం మీద కూడా ఉంది." ఆవిడ కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు తగ్గింది. "పక్కన ఇంకో గడి ఉందండీ. మరి తెరిచిందెవరని."

"ఏం రాశారు?"

"'మనిషి కాదు' అని రాశారు."

లైనులో సన్నటి సొద వినిపిస్తోంది. ఇద్దరిలో ఎవరూ ముందుగా ఫోను పెట్టలేదు.