ఆమె వాడిన చెక్క వేరు

భార్య పోయాక గడియారాలు బాగుచేసే ఆయన ఒక్క అలవాటు మాత్రం మానలేదు. దాల్చినచెక్క పొడి వేడినీళ్లలో కలుపుకుని తాగడం. షుగరుకి మంచిదని ఎవరో చెబితే ఆవిడే మొదలుపెట్టించింది. ఆవిడ చిటికెడు వేసేది. ఇప్పుడు పూటపూటా చెంచా నిండుగా వేసుకుంటున్నాడు. షుగరు సంగతి ఆయనకు పట్టలేదు. గ్లాసులోంచి ఆ వాసన లేస్తే వంటింట్లో మనిషి ఉన్నట్టుండేది.

కొన్నాళ్లకు ఆకలి చచ్చిపోయింది. పరీక్షలో లివర్ దెబ్బతింటోందని తేలింది.

"మందు అలవాటుందా?" అన్నాడు డాక్టరు.

"తాగడానికి తోడెవరున్నారండీ."

డాక్టరు నవ్వాడు. రోజూ కడుపులోకి వెళ్లేవన్నీ అడిగాడు. దాల్చినచెక్క దగ్గర ఆగి, అది ఆపేసి, ఏ రకమో కనుక్కోమన్నాడు.

మరదలు మసాలా దినుసులు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. అక్క పోయాక ఇద్దరూ కలుసుకోవడం తగ్గింది. ఏ మాట ఎత్తినా అక్క దగ్గరికే పోయేది మరి. ఆవిడ పోయాక తానే బజార్లో కొనుక్కుంటున్న పొడి డబ్బా, దానితోపాటు తెచ్చుకున్న చెక్క ముక్క ఆయన ఆమెకు ఇచ్చి వచ్చాడు.

మళ్లీ పిలిచినప్పుడు బల్లమీద రెండు చెక్కలున్నాయి. ఆయనది మందంగా, ఒక్క పొరతో, విరగనంత గట్టిగా ఉంది. రెండోది కాగితాల్లాంటి పొరలు చుట్టినట్టుంది. వేళ్లతో నొక్కితే పొడైపోయింది.

"బజార్లో రెండూ దాల్చినచెక్కే బావా. చెట్లు మాత్రం వేరు. మీ మందపు చెక్క కాసియా. ఆ చెట్టు బెరడులో కూమరిన్ అనే పదార్థం బాగా పుడుతుంది. ఈ పల్చటి అసలు రకంలో అది లేశమాత్రమే. పొడి చేశాక కళ్లతో తేడా తెలీదు, మిషన్‌లో పెట్టి చూశాను. మీ పొడిలో కూమరిన్ బాగా ఉంది."

"అందరూ కూరల్లో వేసుకుంటారుగా?"

"వంటలో ముక్కకి భయం లేదు. రోజూ చెంచాలకొద్దీ తాగితే కొందరి లివర్‌కి పడదు. కాసియా ఎక్కువ వాడొద్దని హెచ్చరించేది అందుకే."

"మీ అక్క ఇదేగా ఇచ్చేది."

మరదలు పల్చటి చెక్కను ఆయన ముందుకు జరిపింది. "అక్క ఈ పల్చటిదే వాడేది. నేనే తెచ్చిచ్చేదాన్ని."

ఆయన రెండూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మందపుది ఘాటుగా ముక్కుకు తగిలింది. రోజూ ఇంట్లో లేచే వాసన అదే. పల్చటిది తియ్యగా, మెత్తగా ఉంది. దాన్ని ఆయన పోల్చుకోలేకపోయాడు. ఇన్నాళ్లూ ఎవరి వాసనో పీలుస్తూ ఆవిడే అనుకున్నాడు. ఆవిడది మరిచిపోయాడు.

"తీసుకెళ్లండి బావా. చిటికెడైతే ఏం కాదు."

"వద్దులే," అన్నాడు.

పొడి మానేశాక కొన్ని వారాలకు లివర్ కుదుటపడింది. ఆకలీ వేసింది. ఒక్కడికే అన్నం వండుకుని, రేడియో పెట్టుకుని తిన్నాడు. ఒక ఆదివారం మరదలు ఫోన్ చేసింది. ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు. పెట్టేసేముందు ఆయనే అడిగాడు, "మీ అక్క చిన్నప్పుడు ఎలా ఉండేదో కాస్త చెప్పవూ?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆయన రేడియో కట్టేశాడు.