ఖాళీ చేస్తున్నది మేమే

గుణదలలో ఒక మేడ మీద వాటాలో అయిదేళ్లు అద్దెకున్నాం. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. మా ఆయన ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. మాతో మా అత్త. కింద వాటాలో ఇంటి ఓనరు గారు, ఆయన భార్య. ఆయన ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సంతకాలు పెట్టీ పెట్టీ అలవాటైన చెయ్యి కాబట్టి, సంతకం అడిగితే మాత్రం ఠక్కున పెట్టరు.

మనిషి చెడ్డవాడని చెప్పను. నీళ్ల మోటారు వేళకు వేసేవారు. అవసరానికి పలికేవారు. కానీ ఆయన నోట్లో ఒక మాట ఉండేది: ‘ఉండనిచ్చాం.’ చుట్టాలొచ్చినా, ప్లంబరొచ్చినా, జనాభా లెక్కల వాళ్లొచ్చినా ఒకటే పాట. "పైన ముస్లిమ్స్‌ని ఉండనిచ్చామండీ. ఆవిడ తెలుగు టీచర్లెండి." ఆ ‘లెండి’ నాకు ఇచ్చిన కండక్ట్ సర్టిఫికెట్టు. ప్రతి నెలా ఒకటో తారీకున అద్దె తీసుకునేవాళ్లు ఉండనివ్వడం ఏమిటో, నేను అయిదేళ్లు ఆలోచించినా అర్థం కాలేదు. అలిగి అర్థం చేసుకోలేదన్నా సరే.

ఆ ఎండాకాలం మా అత్త మెట్ల మీద జారింది. కాలు విరగలేదు కానీ ధైర్యం విరిగింది. కిందకు దిగడమే మానేసింది. అప్పుడు కింది వాటా కోసం వెతకడం మొదలుపెట్టాం. విజయవాడలో మాలాంటి వాళ్లకి ఇల్లు వెతకడం ఎలా ఉంటుందో చెప్పాలి. గేటు దగ్గర బోర్డు ఉంటుంది, లోపలి నుంచి ఒకావిడ నవ్వుతూ వస్తుంది, గదులు చూపిస్తుంది, చివర్లో "మీరేమిట్లమ్మా?" అంటుంది. నేను నా పేరు చెప్తాను. అంతే, ఆవిడకి హఠాత్తుగా వాళ్ల తమ్ముడు గుర్తొస్తాడు, వచ్చే నెల వాడే దిగుతున్నాడంటుంది. అలా ఆరు ఇళ్లలో ఆరుగురు తమ్ముళ్లు.

ఏడో ఇల్లు మాకు రెండు సందుల అవతల. ఓనరు రిటైరైన నర్సమ్మ, ఒంటరి మనిషి. నా పేరు విని, "మెట్లు లేవమ్మా, అత్తగారికి బాగుంటుంది" అంది. ఏమిట్లని అడగలేదు. "మీ ఓనరు గారితో ఒక్క మాట మాట్లాడి ఖాయం చేస్తాను, పద్ధతి కదా" అంది. సంతోషంగా నంబరిచ్చాను.

మర్నాడు స్కూల్లో స్పెషల్ క్లాసులకని బయల్దేరి మెట్లు దిగుతుంటే, ఓనరు గారు కేబుల్ మనిషితో అంటున్నారు, "వీళ్లని ఉండనిచ్చాం గానీ, వేరేవాళ్లైతే వీళ్లకి ఇల్లిస్తారా?" అని. నా ఒళ్లు మండిపోయింది. మళ్లీ పైకెళ్లి రఫ్ పుస్తకంలో కాగితం చింపి, ‘వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం’ అని ఒక్క ముక్క గీకి, వాళ్ల గ్రిల్లులో గుచ్చి బస్సెక్కేశాను. బస్సులో ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సాయంత్రం ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. చీటీ రెండు వేళ్ల మధ్య ఉంది.

"ఏంటమ్మా ఇది? పాలవాడికి రేపు రెండు ప్యాకెట్లు చాలని రాసినట్టు రాసి పెట్టారు?"

"విషయం ఉంది కదండీ అందులో."

"తారీకు లేదు, సంతకం లేదు. ఇది నేను తీసుకోను" అని ఆ చీటీ నా చేతిలో పెట్టారు. "మీరు చెప్పేదేంటి? మేమే చెప్దామనుకుంటున్నాం."

అక్కడితో ఆగినా బాగుండేది. రెండ్రోజుల్లో సందంతా మాట పాకింది: వాళ్లని ఓనరు గారు ఖాళీ చేయిస్తున్నారట. ఇస్త్రీ బండి అతను నన్ను పాపం అన్నట్టు చూశాడు. మూడో రోజు నర్సమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, మీ ఓనరు గారు ‘మేమే ఖాళీ చేయిస్తున్నామండీ’ అన్నారు. ఎందుకని అడిగితే, ఏదోలెండి అన్నారు. నేను ఒక్కదాన్నే ఉండేదాన్ని కదా, భయం. ఏమీ అనుకోకు, ఒక వారం చూద్దాం."

ఆరుగురు తమ్ముళ్లకీ లొంగని దాన్ని, ఆ ఫోన్‌తో మంచం మీద కూలబడ్డాను. ఏ దొంగతనమో, గొడవో చేసి ఉంటేనే కదా మనుషుల్ని ఖాళీ చేయిస్తారు. ఆయన ‘ఏదోలెండి’లో నర్సమ్మ ఏమేం ఊహించుకుని ఉంటుందో నాకు తెలుసు. ఆ ఇల్లు పోతే మా అత్త ఆ మెట్ల పైనే మిగిలిపోతుంది.

తొమ్మిదో తరగతికి ప్రతి ఏడూ నేను చెప్పే పాఠమే ఇది. తిను, తినిపించు. చేయు, చేయించు. మధ్యలో ఒక చిన్న ‘ఇంచు’ వచ్చి చేరితే పని మారదు, ఆ పని ఎవరిదన్నది మారిపోతుంది. ఖాళీ చేస్తున్నాం అంటే కర్త మేము. ఖాళీ చేయిస్తున్నాం అంటే కర్త ఆయన, మేము సామాను. నా క్రియాపదాన్ని నా నోట్లోంచి లాక్కుని, దానికో ‘ఇంచు’ తగిలించి ఊళ్లో తిప్పుతుంటే, నేనెందుకు ఊరుకోవాలి?

"కిందికెళ్లి సారీ చెప్పేసి రా. పోయేవాళ్లం, మనకెందుకు?" అన్నాడు మా ఆయన.

"సారీ చెప్పను. ఉత్తరం రాస్తాను."

"వాట్సాప్‌లో పెట్టు, పోతుంది."

"రెండు నీలం టిక్కులు చూపించి నర్సమ్మని నమ్మించమంటావా? కాగితం రెండు ప్రతులు రాస్తాను. ఒకటి ఆయనకి. రెండో దాని మీద ఆయన చేత్తో ‘అందినది’ అని సంతకం నాక్కావాలి."

కూర్చుని ముందు నా చీటీకి నేనే మార్కులు వేసుకున్నాను. తేదీ లేదు, సంబోధన లేదు, ఏ రోజున వెళ్తామో లేదు, తాళాల సంగతి లేదు. పదికి ఒకటి, అదీ దస్తూరికి. ఓనరు గారు దాన్ని తీసుకోకపోవడంలో తప్పు లేదు. అది ఒప్పుకోవడానికి నాకు గంట పట్టింది. కోపంలో రాసిన ముక్క ఆయన చేతికి కర్ర ఇచ్చింది. ఈసారి ఆయన పట్టుకోవడానికి ఏమీ దొరక్కుండా రాయాలనుకున్నాను. మర్యాదగా రాయడమంటే తగ్గడమని మా ఆయన అనుకున్నాడు. నేను అలా అనుకోలేదు.

మొదటి ఒప్పందం స్టాంపు పేపరు బీరువాలోంచి తీశాం. పదకొండు నెలలకి రాసుకున్నది, ఆ తర్వాత అంతా మాట మీదే నడిచింది. కానీ ఖాళీ చేసేముందు నెల రోజులు వ్యవధి ఇవ్వాలన్న షరతు అందులో ఉంది. ‘మీ దయవల్ల అయిదేళ్లు ఉన్నాం’ అని మొదలుపెట్టమన్నాడు మా ఆయన. ఆ వాక్యం మాత్రం పెన్ను విరిగినా రాయనన్నాను. అప్పుడు మంచం మీంచి మా అత్త అంది, "నేను పడ్డ రోజు ఆ మనిషి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి కారు తీశాడు. అది రాయి. అది దయ కాదు, నిజం." అది రాశాను.

"గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి నమస్కారాలు. మీ ఇంటి పై వాటాలో అయిదేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. మా అత్తగారికి మెట్లు ఎక్కి దిగడం కష్టంగా ఉన్నందున కింది వాటా ఉన్న ఇంటికి మారాలని మేము నిర్ణయించుకున్నాం. మన ఒప్పందం ప్రకారం నెల రోజులు ముందుగా తెలియజేస్తున్నాం. జూన్ నెలాఖరున ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీకు అందజేస్తాం. ఆషాఢం మొదలయ్యేలోపు కొత్తవారు వచ్చి పాలు పొంగించుకునే వీలుంటుంది. ఇల్లు చూసేందుకు వచ్చేవారిని సాయంత్రం అయిదు దాటాక, ఆదివారమైతే ఎప్పుడైనా పంపగలరు. ఖాళీ చేసే రోజున కరెంటు మీటరు రీడింగు ఇద్దరం కలిసి చూసుకుందాం. మేకులు తీసిన చోట గోడల కన్నాలు పూడ్పించి ఇస్తాం. మా అత్తగారు పడిన రోజున మీరు ఆస్పత్రికి చేర్చిన సంగతి ఎప్పటికీ మరువం."

ఆషాఢం ఎప్పుడొస్తుందో మా స్టాఫ్‌రూమ్ క్యాలెండర్లో చూసుకున్నాను. ఆ నెలలో కొత్తగా ఎవరూ ఇంట్లో దిగరని అయిదేళ్లలో ఆయనే నాకు పదిసార్లు చెప్పారు.

ఆదివారం పొద్దున్నే కిందికెళ్లి రెండు ప్రతులూ ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు. ఒక చోట వేలు ఆగింది.

"అంతా బాగుందమ్మా. ఈ ‘మేము నిర్ణయించుకున్నాం’ తీసెయ్యండి. ఇరువురి అంగీకారంతో అని పెట్టండి, మర్యాదగా ఉంటుంది."

"మర్యాదంతా మిగతా వాక్యాల్లో ఉందండీ. అది మాత్రం నిజం. తియ్యను."

"అయితే నేను సంతకం పెట్టను."

"పెట్టేదాకా కూర్చుంటాను బాబాయి గారూ. ఇవాళ నాకు సెలవే." కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి కాగితం అందుకుని చదివింది. ఆవిడ వేలు వేరే చోట ఆగింది. "ఆషాఢం లోపే అంటోంది. పెట్టెయ్యండి సంతకం. ఇంకా నాన్చితే శ్రావణం దాకా ఎవరొస్తారు మనింటికి? మన చుట్టాలకి కూడా పట్టని ఆలోచన ఈ అమ్మాయికి పట్టింది." నాకు కాఫీ కూడా ఇచ్చింది.

ఆయన పెన్ను తీశారు. ‘అందినది’ అని రాసి, తేదీ వేసి, ఆఫీసు రోజుల నాటి పొడుగాటి సంతకం పెట్టారు. ఆ కాగితం తీసుకుని లేచి ఉంటే సరిపోయేది. కానీ నర్సమ్మ చెవిలో పడ్డ మాట కాగితంతో పోదు. పడేసిన నోరే తియ్యాలి.

"ఇంకొక్కటండీ. ఆ నర్సమ్మ గారికి మీరే ఫోన్ చేసి నిజం చెప్పండి. నా ఎదురుగానే."

ఆయన నా వంక గుర్రుగా చూశారు. నేను చూపు తిప్పలేదు. ఆయన భార్య ఫోన్ తెచ్చి ఇచ్చింది. నంబరు నేనే చెప్పాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆఁ, నమస్కారమండీ. మొన్న నేనేదో తొందరలో అన్నాను. అదేం లేదండీ. బంగారం లాంటి మనుషులు. ఉండమని ఎంత బతిమాలామో! వింటేగా? వాళ్లే ఖాళీ చేసి వెళ్లిపోతున్నారు."

బతిమాలలేదు. ఒక్కసారి కూడా ఉండమనలేదు. అది పచ్చి అబద్ధం. దిద్దుదామని నోటిదాకా వచ్చింది, కానీ దిద్దలేదు. ఆ అబద్ధంలో ఖాళీ చేసే కర్త మేమే.