లిఫ్టు గుంటకు వేసిన సున్నా

ఖాళీ గడి కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు. బ్యాంకు ఫారమైనా పిల్లల బడి కాగితమైనా ఏదో ఒకటి రాసేస్తే గానీ మనసు కుదుటపడేది కాదు. సైటు ఆఫీసులో అందరికీ ఆవిడ ఫైళ్ళక్క.

ఆ ఉదయం మేనేజరు ఆసుపత్రి భవనం ఫైలు తెచ్చి ఆవిడ బల్ల మీద పడేశాడు.

"కట్టడం మధ్యలో వచ్చిన మార్పుల ఆర్డర్లన్నీ ఒక పట్టికలో పెట్టమ్మా. ఏ పని మారింది, ఖర్చెంత పెరిగింది, తగ్గింది, అదనపు గడువెంత ఇచ్చారు. ఆలస్యానికి మన కంపెనీకి జరిమానా వేస్తారట. మధ్యాహ్నం మీటింగు. మనకు అదనపు గడువు రావాలని చూపించకపోతే మన ఇంజనీరుని ఈ సైటు నుంచి తీసేస్తారు."

ఇంజనీరు కిటికీ దగ్గర గోళ్ళు కొరుకుతున్నాడు. "అక్కా, నా ఉద్యోగం నీ గడుల్లో ఉంది."

"రెండు గోళ్ళు మిగుల్చుకో నాయనా, మీటింగులోనూ కొరకాలిగా."

ఆవిడ కూర్చోలేదు, నిలబడే పేజీలు తిప్పింది. సవరించిన ఆర్డరు ఉన్నచోట పాతదాన్ని వదిలేసింది. తీసేసిన గోడ ఖర్చును తగ్గింపుగా చూపింది. లిఫ్టు గుంట లోతు పెంచిన ఆర్డరులో పనీ ఖర్చూ ఉన్నాయి, గడువు దగ్గర మాత్రం ఏమీ లేదు. చెయ్యి ఆగలేదు. సున్నా వేసి, పట్టికను ఆసుపత్రి తరఫున ఈ ఆర్డర్లిచ్చే కన్సల్టెంటుకు పంపేసింది.

భోజనానికి ముందు కాగితాలు సర్దుతుంటే, ఆ ఆర్డరు వెనక తమ కంపెనీ రాసిన లేఖ బయటపడింది. గుంట పూర్తయ్యేదాకా పై పనులు ఆగుతాయి, అదనపు గడువు కోరే హక్కు మాకుంది, వివరాలు తర్వాత ఇస్తాం అని ఉంది. కింద అందినట్టు కన్సల్టెంటు ఆఫీసు ముద్ర.

సున్నా అంటే గడువు అక్కర్లేదని తామే ఒప్పుకున్నట్టు!

అన్నం డబ్బా మూత కూడా తీయకుండా మేనేజరు గదికి పరిగెత్తింది.

"ఖాళీని ఖాళీగా వదలొచ్చుగా!" అని ఆయన అరిచాడు.

"తిట్లు తర్వాత తింటాను, ముందు దిద్దనివ్వండి." ఆ గడిలో 'ఇంకా తేలలేదు, లేఖ జతచేశాం' అని రాసి మళ్ళీ పంపింది.

మీటింగులో కన్సల్టెంటు మొదటి పట్టికే తీశాడు. "పొద్దున మీరే సున్నా అన్నారు."

మేనేజరు నోరు విప్పేలోపే ఆవిడ లేచింది. "సున్నా మీ ఆర్డరులో లేదు సార్, నేను వేసింది. తప్పు నాది. లేఖ మాత్రం మీకు అందింది, ముద్ర చూడండి."

ఆయన లేఖను రెండుసార్లు చదివాడు. ఇంజనీరు మిగిలిన గోళ్ళ మీద పడ్డాడు.

"సరే. గుంట వల్లే పై పనులు ఆగాయని చూపించండి. అంతవరకూ జరిమానా ఆపుతాను. ఇతన్ని సైటులోనే ఉండనివ్వండి, వివరాలు చెప్పేవాడు కావాలి."

బయటికొస్తూనే ఇంజనీరు ఏదో అనబోయాడు. ఆవిడ వినలేదు. "పై పనులు ఆగిన రోజుల రిపోర్టులు ఏ బీరువాలో పెట్టావు? తాళం ఇటియ్యి," అంటూ చెయ్యి చాపింది.